పది నుంచి పన్నెండు లోపల

శశికళ ఈమెయిలు రాసే తీరు చూస్తే మొదట్లో నాకు ఒళ్ళు మండేది. వాషింగ్ మెషిన్ చెడిపోయింది, మనిషిని పంపిస్తున్నాం. చెప్పాల్సింది అంతే కదా. ఫోనులో రెండు ముక్కల్లో తేలిపోయే దానికి ఈవిడ కుర్చీ ముందుకు లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని, రాసి, చదివి, చెరిపి, మళ్ళీ రాసి, చివరికి నన్ను పిలిచేది. "మాధవన్నా, దీన్ని చదివితే మీ అమ్మకి అర్థమవుతుందా చెప్పు." మా అమ్మకి ఈమెయిలు అంటేనే తెలియదు. అయినా చదివేవాణ్ణి. నిజం చెప్పాలంటే అర్థమయ్యేది.

మాది పాత బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో ఇంటి సామాను రిపేరు చేసే షాపు. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు, గ్రైండర్లు. ఓనరు శ్రీనివాసప్ప. స్పేర్ పార్టుల కౌంటరు నాది. ఇళ్ళకు వెళ్ళి రిపేరు చేసేవాడు మునీంద్ర. ఈ ముగ్గురం చాలనుకుని ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చాం. ఎట్లా నెట్టుకొచ్చామో చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు. మునీంద్ర పొద్దున బండెక్కేవాడు. మొదటి ఇంటికి తాళం. రెండో ఇంట్లో మెషిన్ బీరువాకూ గోడకూ మధ్య ఇరుక్కుని ఉండేది, వెనక చెయ్యి పట్టదు. మూడో ఇంట్లో కొళాయికి నీళ్ళు లేవు, నీళ్ళు లేకుండా వాషింగ్ మెషిన్ ఏం పరీక్ష చేస్తాడు? నాలుగో ఇంట్లో అన్నీ ఉండేవి, తీసుకెళ్ళిన పార్టు మాత్రం వేరే మోడల్‌ది. సాయంత్రం ఉత్తచేతులతో వచ్చి నా కౌంటరు మీద సంచీ పడేసి, తప్పంతా నాదేనన్నట్టు చూసేవాడు. మా ఇద్దరికీ పడేది కాదంటే కాదు మరి.

అప్పుడు వచ్చింది శశికళ. వేమగల్ దగ్గర పల్లెలో పుట్టింది, అక్కడి ఫ్యాక్టరీలో ప్యాకింగు లైనులో పనిచేసింది. పెళ్ళయి మారికుప్పం చేరాక కూడా ఆ ఫ్యాక్టరీకే బస్సులో పోయి వచ్చేది. తెల్లారకముందే ఇల్లు వదిలితే, తిరిగి వచ్చేటప్పటికి చీకటి. మొగుడు అంబరీష్‌కి బెంగళూరులో పని, అతనూ తొలి రైలుకే పోతాడు. రెండో క్లాసు చదివే కూతురు అర్పిత బడి నుంచి వచ్చి, తాళం తనే తీసుకుని, ఒక్కతే కూర్చునేది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం శశికళ గొంతు మారేది. మా షాపులో పని నాలుగింటికి అయిపోతుంది. బిడ్డ కన్నా ముందే ఇల్లు చేరొచ్చు. ఆవిడకు కావలసింది అదొక్కటే.

ఆమెను పెట్టుకోవడం శ్రీనివాసప్ప దయ అనుకోకండి. ఒక పెద్ద మెషిన్ల కంపెనీ మన తాలూకా సర్వీసు మాకిస్తామని ఆశ చూపింది. షరతు ఏమంటే, ప్రతి బుకింగూ మెయిలు మీదే జరగాలి. ఏ రోజు, ఎవరు వస్తారు, ఏ వేళ నుంచి ఏ వేళ లోపల వస్తారు, ఇంట్లోవాళ్ళు ఏమేం సిద్ధం చేసుకోవాలి, అన్నీ రాసి పంపాలి. దానికోసం ఒక టేబులు, ఒక కంప్యూటరు, ఒక శశికళ. "సర్వీసు మనకి రాలేదంటే టేబులు తీసేస్తానమ్మా, ముందే చెప్తుండాను" అన్నాడు ఓనరు. ఆమె తల ఊపింది. టేబులు పోతే మళ్ళీ వేమగల్ బస్సే.

ఆమె రాతలో ఒక పద్ధతి ఉండేది. ఏ ఇంటివాళ్ళకు ఆ ఇంటి భాష. ఫోనులో ఒక్క ప్రశ్న వేసేది, "ఇంట్లో ఏ భాషలో తిట్టుకుంటారమ్మా?" అని. అవతలివాళ్ళు నవ్వి తమిళమనో కన్నడమనో తెలుగనో చెప్పేవారు. తరువాత రెండో ప్రశ్న, "మీకు నీళ్ళు ఏ దినం వస్తాయి?" నీళ్ళు వచ్చిన మరునాటికే మునీంద్రను పంపేది, ట్యాంకు నిండుగా ఉంటుందని. ఇంత చిన్న సంగతి మా ముగ్గురికీ ఇన్నేళ్ళూ తట్టలేదు. నాకు కోపం వచ్చింది ఆమె మీద కాదు, మా బుర్రల మీద.

ఆమె వచ్చిన నెల చివర్లో కంపెనీ ఒక పాత ఫిర్యాదును మా నెత్తిన పెట్టింది. ఊరిగాంలో శంకరనారాయణ గారని, గనుల్లో పనివాళ్ళ హాజరు రాసే టైం ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. మెషిన్ తలుపు కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. వేరే ఊరి నుంచి మనుషులు మూడుసార్లు వచ్చి, చూసి, తల గోక్కుని వెళ్ళిపోయారు. ఆయన భార్య కుముద గారు నెల దినాలుగా దుప్పట్లు చేత్తో ఉతికి మణికట్టుకు గుడ్డ కట్టుకుని తిరుగుతున్నారు. కంపెనీవాళ్ళు మాకు రాసింది ఇదీ: ఒక్క రాకలో పని పూర్తి కావాలి, చెప్పిన వేళకు వచ్చినట్టు ఆయన తన చేత్తో మెయిలు రాయాలి. ఆ మెయిలు చూశాకే మీ సంగతి తేలుస్తాం.

శశికళ మొదటి మెయిల్లో మెషిన్ వెనకున్న స్టిక్కరు ఫోటో పంపమని అడిగింది. ఆయన దగ్గర ఫోటో తీసే ఫోను లేదు. స్టిక్కరు మీది ప్రతి అక్షరం కంప్యూటర్లో టైపు చేసి పంపాడు, మెషిన్ బరువుతో సహా. కింద ఇంకో వాక్యం: 'తలుపు చుట్టూ ఉన్న రబ్బరు వలయం ఎడమవైపు అడుగున చీలియున్నది.' మోడల్ నంబరు చూసి సరైన రబ్బరు రింగు నేనే తీసిపెట్టాను. ముందు మూడుసార్లు వచ్చినవాళ్ళెవరూ ఆ రింగు తేలేదు, అదీ కథ.

తరువాత ఆమె పంపిన మెయిలు నాకింకా గుర్తే. 'మునీంద్ర గారు శుక్రవారం పది నుంచి పన్నెండు లోపల వస్తారు. ఆయన ఫోను నంబరు కింద ఇచ్చాను. మీరు చేయవలసినవి కొన్నే. డ్రమ్ములో బట్టలు తీసేయండి. మెషిన్ చుట్టూ మనిషి కూర్చునేంత చోటు వదలండి. నేల తడిగా ఉంటే తుడవండి. మెషిన్ ప్లగ్ దగ్గరున్న స్విచ్ ఆపి ఉంచండి, తడి చేతులతో ముట్టకండి. కొన్న బిల్లు దగ్గర పెట్టుకోండి. పరీక్ష చేయడానికి ట్యాంకులో నీళ్ళుండాలి. వేళ మారితే, ఆ వేళ దాటకముందే మీకు రాస్తాను. ఈ వేళ మీకు కుదరకపోతే ఈ మెయిలుకే జవాబివ్వండి.' ఆయన జవాబు ఒక్క ముక్క: 'సూచనలు పాటించబడును.'

శుక్రవారం మునీంద్ర ఆండర్సన్‌పేటలో ఒక ఫ్రిజ్ దగ్గర చిక్కుకుపోయాడు. అది అయ్యాక బయలుదేరితే రైలు గేటు పడింది. గేటు దగ్గర నుంచే ఫోను చేశాడు. శశికళ ఈసారి నన్ను చదవమనకుండానే మెయిలు కొట్టింది. 'క్షమించండి, మునీంద్ర గారికి ఆలస్యమయింది. పన్నెండు నుంచి రెండు లోపల వస్తారు.' పన్నెండు ఇంకా కాలేదు. అంతటితో ఆగక ఆ ఇంటికి ఫోను కూడా చేసింది. కుముద గారు ఎత్తి, భర్తకు చెప్పి, మళ్ళీ ఫోనులోకి వచ్చి, "రాతలో రానీ అంటుండారమ్మా" అని పెట్టేశారు. రాతలో పంపేశాం కదా అని మేము నిశ్చింతగా ఉన్నాం.

పన్నెండు దాటిన కాసేపటికి మునీంద్ర నుంచి ఫోను. "గేటుకి తాళం వేసినాడక్కా. లోపల నిలబడుకొని నన్నే చూస్తుండాడు. టైము అయిపోయింది పో అంటాడు."

శశికళ కుర్చీలోంచి లేచింది. "మాధవన్నా, స్కూటరు తీయి" అంది. శ్రీనివాసప్ప లోపలి గదిలో లెక్కలు చూస్తున్నాడు, ఆయనకు చెప్పే ధైర్యం నాకూ లేదు. కౌంటరు అట్లాగే వదిలి బయలుదేరాను. దారంతా ఆ ముసలాయన్ని తిట్టుకుంటూ నడిపాను. వెనక కూర్చున్న శశికళ నా భుజం మీద చొక్కా గట్టిగా పట్టుకుంది.

ఊరిగాంలో పాత గనుల కంపెనీ ఇళ్ళ వరసలో వాళ్ళది చివరి ఇల్లు. మునీంద్ర మోరీ గట్టు మీద సామాను పెట్టుకుని కూర్చున్నాడు. గేటుకు నిజంగానే తాళం. లోపల శంకరనారాయణ గారు, ఇస్త్రీ చొక్కా, జేబులో మడతపెట్టిన కాగితం, చేతిలో పింగాణీ ఫ్యూజు. వరండాలో మెయిను స్విచ్ మీద ఒక అట్ట వేలాడుతోంది: 'పని జరుగుతున్నది. ముట్టరాదు.' పని జరగడం సంగతి దేవుడెరుగు, పనివాడు గేటు బయటే ఉన్నాడు.

"నమస్కారం సార్. నేను శశికళ. మీకు మెయిలు రాసేది నేనే."

"నువ్వేనామ్మా? బాగా రాసినావు. కానీ వేళ దాటిపోయింది కదా. పది నుంచి పన్నెండు దాకా గేటు తీసే పెట్టినాను. పన్నెండుకి మూసేసినాను. మా టైం ఆఫీసులో అట్లే. షిఫ్టు టైముకి మనుషుల్ని దించే కేజు గనిలోకి దిగిపోయినాక మేనేజరు వచ్చినా నిలబడుకోవాల్సిందే."

"వేళ మార్చినానని పన్నెండు కాకముందే మీకు రాసినాను సార్."

"నాకేమీ రాలేదే."

"కంప్యూటరు చూసినారా?"

"ఎట్ల చూసేది? కరెంటు లేదు కదా."

"ఏమిటికి లేదు సార్?"

ఆయన చేతిలోని ఫ్యూజు చూపించాడు. "నువ్వే ఆపమంటివి కదమ్మా. నేను ఇంటికంతా కరెంటు తీసి ఐసొలేట్ చేసి పెట్టినాను. మనిషి వచ్చే దాకా మళ్ళీ వేయకూడదు. అది రూలు."

నాకు తల తిరిగింది. మెయిలు చూస్తే గేటు తీస్తాడు. కరెంటు వస్తే మెయిలు చూస్తాడు. మనిషి లోపలికి వస్తే కరెంటు వేస్తాడు. గేటు తీస్తే కదా మనిషి లోపలికి పోయేది. ఇట్లాంటి మనిషిని నా జన్మలో చూడలేదు. "ఏం సార్, మీరు పెద్దవాళ్ళు అని చూస్తుంటే..." అని మొదలుపెట్టాను. శశికళ నా వైపు తిరిగి, "అన్నా, నువ్వు సుమ్మనే ఉండు" అంది. నోరు మూసుకున్నాను.

వరండాలో నుంచి కుముద గారు మజ్జిగ గ్లాసులు తెచ్చి గేటు మీదుగా మా ముగ్గురికీ అందించారు. "తాగండప్పా. పొద్దుననుంచీ చెప్తుండాను, ఆ ఒక్క స్విచ్ ఆపితే చాలని. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయే మాదిరి ఉండాయి. నా మాట వింటే కదా" అన్నారు. ఆయన వినీ విననట్టు ఆకాశం వైపు చూశాడు.

శశికళ మజ్జిగ తాగి గ్లాసు తిరిగి ఇచ్చింది. "సార్, మీ జేబులో ఉండేది నా మెయిలే కదా. మీరు చేయవలసినవాటిలో నాలుగోది ఒకసారి చదవండి."

ఆయన కాగితం విప్పి, ఆఫీసులో ఆర్డరు చదివినట్టు పైకి చదివాడు. "'మెషిన్ ప్లగ్ దగ్గరున్న స్విచ్ ఆపి ఉంచండి, తడి చేతులతో ముట్టకండి.'" ఆగాడు. మళ్ళీ చదివాడు, ఈసారి లోపల. కుముద గారు చీర కొంగుతో నోరు కప్పుకున్నారు.

"గనిలో మనిషి చెయ్యి పెట్టకముందు సెక్షను అంతా కరెంటు ఆపుతాం" అన్నాడు మెల్లగా. "ఒకసారి ఎవరో ఒక్క స్విచ్చే ఆపినారు. ఆ మనిషి మళ్ళీ పైకి రాలేదు. ఆ దినం హాజరు రాసింది నేనే."

నాకు అప్పటిదాకా ఉన్న కోపం ఎటో పోయింది.

"మీరు చేసింది తప్పు కాదు సార్" అంది శశికళ. "మునీంద్ర మీద మీకుండే జాగ్రత్త అది. మా ఇంట్లోవాళ్ళు కూడా అంత చేయరు. అయితే నేను రాసిందానికన్నా ఎక్కువ చేసినారు. ఇప్పుడు రాసినంతే చేయండి. మెషిన్ స్విచ్ ఆపే ఉండనీ, ఇంటికి కరెంటు వేయండి. నా మెయిలు వచ్చిందా లేదా చూడండి. వేళ దాటినాక వచ్చింటే, మేము ఇట్లే వెళ్ళిపోతాం. ఇంకో దినం రాస్తాను."

ఆయన ఫ్యూజు పట్టుకుని లోపలికి వెళ్ళాడు. అట్ట తీసి పక్కన పెట్టడం కనిపించింది. శశికళ గేటు కడ్డీ పట్టుకుని నిలబడింది. "అన్నా, పోయింటాదా మెయిలు? సెండు కొట్టినాను కదా?" అని నన్ను అడిగింది. "కొట్టినావు, నేను చూసినాను" అన్నాను. నిజానికి నేను చూడలేదు. ఆ కంప్యూటరు పాతది కాబోలు, మొదలవడానికి ఒక యుగం పట్టింది. మునీంద్ర గోళ్ళు కొరుక్కుంటున్నాడు. నేనూ ఊరికే ఉండలేక స్కూటరు అద్దం తుడిచాను.

ఆయన బయటికి వచ్చాడు, చేతిలో ఇంకో కాగితం, అప్పుడే ప్రింటు తీసింది. కళ్ళజోడు సర్దుకుని పై వరస చూశాడు. "వచ్చింది. పన్నెండుకు ముందే వచ్చింది" అన్నాడు. తాళం తీసి గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. "రాండి. మీరు టైములోనే ఉండారు."

లోపల చూస్తే మునీంద్ర నోరు తెరిచాడు. మెషిన్ గోడకు దూరంగా జరిపి ఉంది. నేల అద్దంలా తుడిచి ఉంది. పక్కన పీట, పాత గుడ్డలు, ఒక బేసిను, బిల్లు. బేసిను సంగతి శశికళ మెయిల్లో రాయలేదు, అయినా ఆయన పెట్టాడు. మునీంద్ర తలుపు చుట్టూ బిగించిన తీగ ఊడదీసి, చీలిన రబ్బరు లాగి పడేసి, కొత్త రింగు గాడిలో కూర్చోబెట్టాడు. నేను ఇచ్చిన రింగు గీత కూడా తేడా లేకుండా పట్టింది. నా వైపు చూసి తల ఊపాడు మునీంద్ర. ఇన్నేళ్ళలో వాడు నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

కొళాయి తిప్పి, స్విచ్ వేసి, ఒక దుప్పటి లోపల పడేసి తిప్పారు. తలుపు కింద కుముద గారు ఒక పాత వార్తాపత్రిక పరిచారు. అందరం దాని చుట్టూ కూర్చున్నాం, పేకాట చూస్తున్నట్టు. నీళ్ళు నిండాయి, డ్రమ్ము తిరిగింది, నీళ్ళు పోయాయి, మళ్ళీ గిరగిరా తిరిగింది. పత్రిక పొడిగానే ఉంది. కుముద గారు దాన్ని ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, మణికట్టుకు కట్టుకున్న గుడ్డ విప్పేసి మూల పడేశారు. "ఇంగ నేను ఉతకను. ఈ జన్మకి చాలు" అని నవ్వారు. భోజనం చేయకుండా కదలనివ్వలేదు. చిత్రాన్నం, అప్పడాలు. మునీంద్ర మూడుసార్లు పెట్టించుకున్నాడు.

అంతా బాగానే ఉంది. కానీ మాకు కావలసింది ఆయన మెయిలు. శశికళ వెళ్ళేముందు, "కంపెనీవాళ్ళు అడుగుతారు సార్, చెప్పిన వేళకి వచ్చినారా అని. జరిగింది జరిగినట్టే రాయండి" అంది. బయటికి వచ్చాక ఆమె మీద విరుచుకుపడ్డాను. "అవును అని రాయమని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోతుంది?" అన్నాను. "ఆయన అబద్ధం రాయడన్నా. అడిగితే ఆయన మొహం చిన్నదైపోతుంది. అది నాకు వద్దు" అంది.

శనివారం మెయిలు లేదు. శ్రీనివాసప్ప రెండుసార్లు వచ్చి ఆ టేబులు కొలతలు చూసి వెళ్ళాడు, అక్కడ ఫ్రిజ్ పెట్టొచ్చా అన్నట్టు. నాకు పట్టరాని కోపం వచ్చి, "అప్పా, ఆ టేబులు కదిలిస్తే నేనూ కదుల్తాను" అనేశాను. నోరు జారింది. కానీ వెనక్కు తీసుకోలేదు.

సోమవారం మధ్యాహ్నం శశికళ కుర్చీలో బిగుసుకుపోయి కూర్చుంది. "మాధవన్నా, వచ్చినాది. నువ్వు చదువు, నాకు చేత కావడం లేదు" అంది. కంపెనీకి రాసిన మెయిలు, మాకు నకలు. శ్రీనివాసప్ప, మునీంద్ర కూడా వచ్చి నిలబడ్డారు. నేను పైకి చదివాను.

'పని ఒక్క రాకలో పూర్తయినది. సిబ్బంది మొదట తెలిపిన వేళకు రాలేదు. అయితే ఆ వేళ ముగియకముందే మార్చిన వేళ లిఖితపూర్వకంగా నాకు అందినది. దానిని సకాలంలో చూడకపోవుట నా లోపము. మార్చిన వేళ లోపల సిబ్బంది హాజరు. నేను నా ఉద్యోగకాలమంతా ఇతరుల హాజరు రాసితిని. పదవీ విరమణ తరువాత నా ఇంటికి ఎందరో వస్తామని రాలేదు, రామని చెప్పనూ లేదు. రాలేకపోతున్నామని ముందుగా చెప్పిన మనిషి ఈ శశికళ ఒక్కతె. ఈమెను అక్కడి నుండి మార్చవద్దని మనవి.'

కింద కంపెనీవాళ్ళ జవాబు రెండు వాక్యాలు. తాలూకా సర్వీసు మీకే ఇస్తున్నాం. ఇకమీదట బుకింగులన్నీ ఈమె పేరుతోనే పంపండి.

శశికళ టేబులు మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. సంతోషానికే, గట్టిగా, ఎవరూ వింటారన్న బిడియం లేకుండా. మునీంద్ర ఏం చేయాలో తెలియక నీళ్ళు తెచ్చాడు. శ్రీనివాసప్ప గొంతు సవరించుకుని, "టేబులు ఆ మూల చీకటిగా ఉండాది. కిటికీ పక్కకి జరపండప్పా" అన్నాడు. నేనూ మునీంద్రా చెరో పక్క పట్టి ఎత్తాం. నాకూ కళ్ళు తడిశాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

నాలుగయింది. శశికళ మొహం కడుక్కుని సంచీ తీసుకుంది. "వస్తానన్నా, పాప వచ్చేస్తుంది" అని మెట్లు దిగి, ఇంచుమించు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.